డిసెంబరు ఎండ ఏ వసారాలో పడుతుంది?

కోనసీమలో పాత మండువా లోగిలి ఒకటి దొరికిందంటే షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు సగం సినిమా పూర్తయినంత సంబరం. వెళ్లి చూస్తారు, ఫోన్లో పాతిక ఫొటోలు తీస్తారు, యజమానితో మాట్లాడి అడ్వాన్సు చేతిలో పెట్టి వచ్చేస్తారు. ఆ ఫొటోల్లో ఉండేది మాత్రం వాళ్లు వెళ్లిన నెల, వెళ్లిన గంట. షూటింగు జరిగేది ఇంకో నెలలో, రోజంతా. అప్పుడు ఎండ ఎక్కడ పడుతుంది, కరెంటు ఎంత బరువు మోస్తుంది, ఏ చప్పుడు ఎప్పుడు మొదలవుతుంది, ఎవరొచ్చి ఆపమంటారు? ఈ నాలుగింటికీ జవాబు పట్టుకుని రావడాన్నే సినిమావాళ్లు రెక్కీ అంటారు. పెద్ద సినిమాకి ఇందులో ఏది తప్పినా డబ్బు పెట్టి సర్దుకునే వీలుంటుంది. రెండు రోజుల్లో పన్నెండు మందితో ముగించుకోవాల్సిన చిన్న సినిమాకి ఆ వీలు లేదు.

ఒక కథ అనుకుని లెక్క వేద్దాం. అమ్మమ్మ, ఎనిమిదేళ్ల మనవరాలు. అమలాపురం చుట్టుపక్కల ఏదో ఊళ్లో మండువా ఇల్లు. షూటింగు డిసెంబరు 20, 21 తేదీల్లో. సీన్లు మూడే. మధ్యాహ్నం వసారాలో అమ్మమ్మ పిల్లకు జడ వేస్తూ మాట్లాడుతుంది. రాత్రి భోజనాల దగ్గర ఇంకో మాటల సీను. చివరికి కాలువ గట్టు మీద ఇద్దరూ నడుచుకుంటూ వెళ్తారు. మనం ఇల్లు చూడటానికి వెళ్లింది సెప్టెంబరు ఆఖర్లో.

ముందు ఎండ సంగతి చూద్దాం. మండువా ఇంటిని ఎంచుకునేదే దాని కోసం. నడుమ పైకప్పు లేని చదరం, చుట్టూ నాలుగు వసారాలు, పైనుంచి ఎండ నేరుగా ఇంట్లోకి దిగుతుంది. సెప్టెంబరు మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఎండ దాదాపు మండువాలోనే పడి ఉంటుంది. ఉత్తరపు వసారా అంచును కాస్త తాకుతుందంతే. లోపలంతా చల్లటి నీడ, ముఖాల మీద మెత్తటి వెలుగు. జడ వేసే సీనుకు ఉత్తరపు వసారా చక్కగా సరిపోతుందని కెమెరామన్ అక్కడే ఖాయం చేసేస్తాడు.

డిసెంబరులో అదే వసారాలో, అదే గంటకు, అమ్మమ్మ ఒళ్లో నడి ఎండ ఉంటుంది. ఎందుకంటే చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. కోనసీమ అక్షాంశం పదహారున్నర డిగ్రీలు. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణాన సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. చూరు నేలకు ఎనిమిది అడుగుల ఎత్తున ఉందనుకోండి. పైనున్న ఖాళీ చదరం ఎంతో నేల మీద ఎండ మడుగూ అంతే ఉంటుంది గానీ, అది ఉత్తరం వైపుకు దాదాపు ఆరు అడుగుల ఎనిమిది అంగుళాలు జరిగి పడుతుంది. మండువా పది అడుగుల చదరమైతే, ఎండలో మూడింట రెండు వంతులు ఉత్తరపు వసారా లోపలికి చేరినట్టే. సెప్టెంబరు ఆఖర్లో ఈ జరుగుడు రెండున్నర అడుగులే. మే మొదటి వారం దాటాక కొన్ని రోజులు, మళ్లీ ఆగస్టు మొదట్లో కొన్ని రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు కాబట్టి అసలు జరుగుడే ఉండదు. జూన్‌లో ఒక అడుగు దక్షిణానికి జరుగుతుంది.

ఈ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. ఫోన్లో దిక్సూచి, చేతిలో కొలత టేపు ఉంటే చాలు. దిక్సూచిని ఇనుప ఊచల కిటికీ పక్కన, మోటారు సైకిల్ పక్కన పెట్టి చూడకూడదు, ముల్లు పక్కకు లాగేస్తుంది. పెరట్లోకి నడిచి, రెండు మూడు చోట్ల చూసి, ఒకే జవాబు వస్తేనే నమ్మాలి. కాగితం మీద ఇంటి నమూనా గీసుకుని ఉత్తరం గుర్తు పెట్టుకోవాలి. చూరు ఎత్తు, మండువా పొడవు వెడల్పులు రాసుకోవాలి. సన్ సీకర్, సన్ సర్వేయర్ లాంటి యాప్‌లు ఏ తేదీకి, ఏ గంటకు సూర్యుడు ఏ దిక్కున ఎంత ఎత్తులో ఉంటాడో చెబుతాయి. మన తేదీ నొక్కి గంటగంటకూ చూసుకుంటే, మధ్యాహ్నం మూడయ్యేసరికి ఎత్తు 30 డిగ్రీలకు దిగిపోయి, ఎండ నేల వదిలి ఈశాన్య మూల స్తంభాల మీదికీ, గోడ మీదికీ ఎక్కుతుందని తెలుస్తుంది. ఆ తర్వాత మండువాలో ఎండ ఉండదు, ఆకాశపు వెలుగు మాత్రమే. అక్కడ డిసెంబరులో సూర్యాస్తమయం ఐదున్నరకే.

యాప్‌కి తెలియనిది ఒకటుంది: పక్కింటి డాబా. మండువాకు దక్షిణాన ఇరవై అడుగుల దూరంలో ఇరవైనాలుగు అడుగులకు మించి కట్టిన మేడ ఉంటే డిసెంబరు మధ్యాహ్నం మన నేలకు ఎండే అందదు. సెప్టెంబరులో సూర్యుడు ఇంకా పైనుంటాడు కాబట్టి ఆ మేడ అడ్డమని అప్పుడు తట్టదు. కొబ్బరిచెట్లయితే ఎండను పూర్తిగా ఆపవు గానీ, మట్టల నీడలు గాలికి ముఖం మీద కదులుతూనే ఉంటాయి. ఒక షాటులో కదిలి, మరో షాటులో కదలకపోతే రెండూ అతకవు.

ఇప్పుడు నిర్ణయం తీసుకోవచ్చు. అమ్మమ్మను దక్షిణపు వసారాలో కూర్చోబెడితే తనకు నేరుగా ఎండ తగలదు. ఎదురుగా ఉత్తరపు వసారా నేల మీద పడ్డ ఎండ తిరిగి తన ముఖం మీదికి మెత్తగా వస్తుంది. పదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా ఈ వెలుగు పెద్దగా మారదు. అయితే ఎదుటి గోడ రంగు చూసుకోవాలి. పాత ఇళ్లలో గోడలకు ఆకుపచ్చో నీలమో వేసి ఉంటే ఆ రంగు ముఖాల మీదికి అంటుకుంటుంది. కెమెరాకు కనపడని గోడైతే మీద తెల్ల దుప్పటి కడితే చాలు. ఉత్తరపు వసారాయే కావాలని దర్శకుడు పట్టుబడితే, మండువా పైన పలచటి తెల్ల గుడ్డ పరిచి ఎండను చెదరగొట్టాలి. దానికి ఆ గుడ్డను పైన కట్టే వీలుందా, పెంకుల మీద కాలు పెట్టడానికి యజమాని ఒప్పుకుంటారా అన్నవి రెక్కీలోనే అడగాలి. పాత పెంకు మనిషి బరువు మోయదు. చూరు దూలాలకు తాడు కట్టుకోవడమే మంచిది.

కరెంటు విషయంలో చాలామంది లైట్ల గురించే కంగారు పడతారు. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లు ఇంటికి పెద్ద బరువేమీ కాదు. 350 వాట్లవి రెండు, 150 వాట్లది ఒకటి, మానిటర్, ఛార్జర్లు కలిపితే 1,100 వాట్లు కూడా దాటవు. ఫ్యూజు ఎగరగొట్టేది మేకప్ గదిలో వాడే ఇస్త్రీ పెట్టె, టీ కోసం పెట్టే ఎలక్ట్రిక్ కెటిల్. ఒక్కోటి వెయ్యి నుంచి పదిహేను వందల వాట్లు లాగుతుంది. మన ఇళ్లలో చిన్న ప్లగ్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల మీద లెక్కిస్తే దాని హద్దు 1,380 వాట్లు. పెద్ద ప్లగ్ 16 ఆంపియర్లది, హద్దు 3,680. పాత ఇంట్లో నాలుగు చిన్న ప్లగ్గులున్నా అన్నీ ఒకే తీగ మీద, ఒకే ఫ్యూజు కింద ఉండవచ్చు. ఏది దేని కింద ఉందో తెలియాలంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి, ఏ గదిలో ఏది ఆగిందో కాగితం మీద రాసుకోవడమే దారి. కరెంటు బిల్లు కూడా అడిగి చూడాలి. దాని మీద ఆ ఇంటికి మంజూరైన లోడు కిలోవాట్లలో ఉంటుంది. ఒక్క కిలోవాటే రాసి ఉంటే, ఇల్లు ఎంత పెద్దదైనా మన లైట్లకే అది దాటిపోతుంది.

బిల్లు, ప్లగ్ చెప్పని సంగతి తీగ ఆరోగ్యం. దానికి పరీక్ష తేలిక. మల్టీమీటర్ పెట్టి ప్లగ్‌లో వోల్టేజీ చూడండి. 225 ఉందనుకుందాం. అదే ప్లగ్‌కు వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె తగిలించి మళ్లీ చూడండి. 220కి తగ్గితే ఫరవాలేదు. 205కి పడిపోయిందంటే ఆ పోయిన ఇరవై వోల్టులు ఎక్కడో తీగలోనో, వదులైన జాయింటులోనో దాదాపు ఎనభై వాట్ల వేడిగా మారుతున్నాయి. ఇరవై నిమిషాలు అలా ఉంచి ప్లగ్ బోర్డు మీద చెయ్యి పెడితే వెచ్చదనం తెలుస్తుంది, ఒక్కోసారి కాలిన ప్లాస్టిక్ వాసనా వస్తుంది. పక్కనే చెక్క దూలం, తాటాకు ఉన్న ఇంట్లో ఆ ప్లగ్‌ను వదిలేయాలి. మీటరు దగ్గరి పెద్ద ప్లగ్ నుంచి మన సొంత కేబుల్ లాక్కోవాలి. చుట్ట కేబుల్ వాడితే చుట్ట మొత్తం విప్పి పరవాలి. చుట్టలో ఉన్న తీగకు వేడి బయటికి పోయే దారి ఉండదు, లోపలే కరిగిపోతుంది.

ఈ వోల్టేజీ పరీక్ష పగలు చేసి ఊరుకుంటే సగం పనే అవుతుంది. ఊరంతా లైట్లూ టీవీలూ వేసుకునే రాత్రి ఏడూ పదీ నడుమ మళ్లీ చూడాలి, మన భోజనాల సీను ఆ వేళదే. వోల్టేజీ తగ్గినా మంచి ఎల్‌ఈడీ లైట్లు తట్టుకుంటాయి, చాలావాటికి 100 నుంచి 240 వోల్టుల దాకా ఫరవాలేదు. ఫ్రేమ్‌లో కనపడే ఇంటి బల్బే ఇబ్బంది పెడుతుంది. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మార్చుకుంటుంది, నాసిరకం బల్బు వెలుగు సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి కనపడదు గానీ కెమెరాలో అడ్డచారలుగా పాకుతుంది. షట్టర్ సెకనులో యాభయ్యో వంతుకు, లేదా నూరో వంతుకు పెట్టి రెక్కీలోనే ఒక నిమిషం తీసి చూడాలి. అప్పటికీ చారలు కనపడితే ఆ బల్బు మార్చేయడమే. షూటింగు రోజుల్లో లైను మరమ్మతుకు ఎల్‌సీ తీసుకుంటున్నారేమో సబ్‌స్టేషన్‌లో ముందే అడగాలి. స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించే ఆలోచన ఎవరైనా చెబితే అక్కడే ఆపేయాలి. అది ప్రాణం మీదికొచ్చే పని, పైగా విద్యుత్ చట్టం 2003లోని 135వ సెక్షన్ కింద దొంగతనం.

ఇక చప్పుడు. పగలు ఇల్లు చూసి వచ్చినవాళ్లను కోనసీమ బాగా మోసం చేసేది ఇక్కడే. మధ్యాహ్నం ఊరు ప్రశాంతంగా ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి కొబ్బరితోటల అవతలి నుంచి ఒకే శ్రుతిలో హోరు మొదలవుతుంది. రొయ్యల చెరువుల్లో నీళ్లను చిలికే ఏరేటర్లు అవి. ఎండ ఉన్నంతసేపు నీటిలోని నాచు ప్రాణవాయువును తయారు చేస్తుంది, చీకటి పడ్డాక ఆ పని ఆగిపోతుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే రొయ్యలు చచ్చిపోతాయి కాబట్టి రైతులు రాత్రి నుంచి తెల్లవారేదాకా ఏరేటర్లు తిప్పుతారు. డబ్బిస్తామన్నా ఆపమని అడగడం న్యాయం కాదు, ఒక్క రాత్రిలో పంటంతా పోతుంది. కరెంటు పోతే వాళ్లు జనరేటర్లు వేస్తారు. అంటే మన లైట్లు ఆరిపోయిన క్షణానే హోరు రెట్టింపవుతుంది.

అందుకే షూటింగు ఏ గంటకో ఆ గంటకు వెళ్లి, ప్రతి గదిలో రెండు నిమిషాలు కదలకుండా నిలబడి రికార్డు చేయాలి. చెవులతో విని సరిపెట్టుకోవద్దు, మన మెదడు అలవాటైన చప్పుడును తీసేసి వినిపిస్తుంది. మైకు అలా చేయదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, షూటింగులో వాడే రికార్డరుతోనే వినాలి. వినపడినవాటిని రెండు వరుసలుగా రాసుకోవాలి. బస్సు హారన్, కుక్క అరుపు, పక్క పెరట్లో కొబ్బరికాయలు వలిచే చప్పుడు లాంటివి వచ్చిపోయేవి. కాసేపు ఆగితే మరో టేకు తీసుకోవచ్చు. ఏరేటరు, ఫ్రిజ్, నీళ్ల మోటారు హోరు లాంటివి ఆగనివి. వీటిని సాఫ్ట్‌వేర్‌తో కొంత తగ్గించవచ్చు గానీ వాటితోపాటు గొంతులోని నిండుదనమూ పోతుంది, మాట డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ఇంటి లోపల మాట ఎలా మోగుతుందో తెలుసుకోవడానికి ఒక్క చప్పట చాలు. మండువాలో చప్పట కొడితే శబ్దం పైకి పోయి అక్కడితో ఆగిపోతుంది, పైకప్పు లేకపోవడం అందుకు వరం. పక్కగదిలో ఎత్తైన కప్పు, ఖాళీ గోడలు, నున్నటి గచ్చు ఉంటే చప్పట వెనకే తోక వినిపిస్తుంది. కెమెరాకు కనపడని చోట జంపఖానాలు, బొంతలు పరిస్తే ఆ తోక చాలావరకు తెగుతుంది.

మన తేదీలకు పంచాంగం కూడా చూడాలి. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. ఆ నెల్లాళ్లూ పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి బాజాలు, డీజేల బెడద తప్పినట్టే. దానికి బదులు తెల్లవారుజామునే గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. కానీ వాటిని చూపించి గుడిమైకు ఆపించబోతే ఊళ్లో మన షూటింగుకు నూకలు చెల్లినట్టే. పూజారిగారిని కలిసి, మైకు ఏ వేళకు మొదలై ఏ వేళకు ఆగుతుందో అడిగి, మన మాటల సీన్లు ఆ వేళలు తప్పించి పెట్టుకోవడమే తెలివి. సార్వా కోతలు అప్పటికి పూర్తయ్యాయా, పక్క పొలంలో కోత మెషిను దిగుతుందా, దాళ్వాకు ట్రాక్టర్లతో దమ్ము చేస్తున్నారా అన్నది ఆ ఊరి రైతునే అడగాలి.

ఈ సమాచారంతో భోజనాల సీను సంగతి తేలిపోతుంది. ఏరేటర్ల హోరులో రాత్రి మాటలు రికార్డు కావు. రాత్రి వోల్టేజీ మీదా నమ్మకం లేదు. అందుకని ఆ సీనును మండువా నుంచి వెనక గదిలోకి మార్చి, పట్టపగలే కిటికీలకు, తలుపులకు బయటినుంచి రెండు పొరల నల్లగుడ్డ కట్టి తీసుకోవచ్చు. గది చిన్నది కాబట్టి ఒక 150 వాట్ల లైటు, పైన వేలాడే బల్బు చాలు. ఫ్యాను ఆపితే ఉక్కపోస్తుంది, ప్రతి రెండు టేకులకూ తలుపు తీసి గాలి తగలనివ్వాలి. రెండు రోజుల ప్రణాళికలో ఆ సమయాన్ని ముందే కలుపుకోవాలి.

ఈ మార్పు పిల్లకు కూడా మంచిదే. బాలనటుల పని మీద చట్టంలో కచ్చితమైన హద్దులున్నాయి. షూటింగు జరిగే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. చిన్న యూనిట్లలో చాలామందికి ఈ సంగతి తెలియనే తెలియదు. మన లెక్క ప్రకారం దక్షిణపు వసారాలో వెలుగు బాగుండే పదిన్నర, ఒంటిగంటన్నర మధ్య సరిగ్గా మూడు గంటలే ఉంది. అందులోనే పిల్ల మధ్యలో లేచి ఆడుకునే విరామం కూడా ఉండాలి.

మిగతా అనుమతుల్లో మొదటిది ఇంటిదే, చిక్కులు వచ్చేదీ అక్కడే. పాత మండువా ఇళ్లు తరచూ అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి. ఒకరు ఊళ్లో ఉంటారు, ఒకరు హైదరాబాద్‌లో, ఇంకొకరు అమెరికాలో. తాళం చేతిలో ఉన్నవారు సరేనన్నంత మాత్రాన సరిపోదు, షూటింగు రోజు ఫోనులో రెండో అన్నగారు కాదంటే పన్నెండు మందీ గుమ్మం బయటే. ఒకే కాగితం మీద హక్కుదారులందరి సంతకాలు, దూరంగా ఉన్నవారి నుంచి కనీసం రాతపూర్వక సమ్మతి ఉండాలి. ఆ కాగితంలో తేదీలు, గంటలు, వాడే గదులు, వాడకూడని గదులు (పూజగది తప్పకుండా), అద్దె, పెంకు పగిలితే ఎవరు వేయించాలి, సినిమాను ఎక్కడెక్కడ చూపిస్తాం అన్నవి రాయాలి. కరెంటు డబ్బుకు షూటింగు మొదలయ్యే ముందు, అయ్యాక మీటరు రీడింగు ఫొటో తీసుకుంటే వాదన ఉండదు.

గుమ్మం దాటితే నేల ఎవరిదో మారుతుంది. కాలువ గట్టు జలవనరుల శాఖది, ఊరి రోడ్డు పంచాయతీది, ఆ రోడ్డు అవతల గుడి దేవాదాయ శాఖ కిందిదైతే దాని కార్యనిర్వహణాధికారిని అడగాలి. స్థానిక పోలీస్ స్టేషన్లో తేదీలు, మనుషుల సంఖ్య, వాహనాల వివరాలతో ఒక లేఖ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో చలనచిత్ర, టెలివిజన్, నాటకరంగ అభివృద్ధి సంస్థ, తెలంగాణలో చలనచిత్ర అభివృద్ధి సంస్థ షూటింగు అనుమతుల వ్యవహారం చూస్తాయి. ప్రభుత్వ స్థలం ఏదైనా ఉంటే ముందు అక్కడ అడగడం మంచిది. గట్టు మీది షాటు డ్రోన్‌తో తీయాలనుకుంటే 2021 నాటి డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. ఆ ఊరు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో డిజిటల్ స్కై పటంలో చూసుకోవాలి, గ్రీన్ జోన్‌లో కూడా ఎత్తు 400 అడుగులు దాటకూడదు. ఫ్రేమ్‌లోకి ఎద్దుల బండి తేవాలని దర్శకుడికి అనిపిస్తే ఇంకో సంగతి గుర్తుండాలి: నటించే జంతువుకు భారత జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే ఉండాలి, అది రెండు రోజుల్లో వచ్చేది కాదు. అప్పుడు బండి లేకుండా ఇద్దరినీ నడిపించడమే నయం. నడిచే వేళ ఐదుంపావులోపు పెట్టుకుంటే పడమటి వెలుగు ఇంకా ఉంటుంది, ఏరేటర్లూ మొదలుకావు.